ఫొటోలోని సీసాకు జోడీ వెతకడం



పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మా నరసరావుపేటలో పార్లర్లు నడిపే ఆడవాళ్ల ఫోన్లకు, ఫ్యాన్సీ షాపుల వాళ్ల ఫోన్లకు ఒకే రకం ఫొటోలు వస్తుంటాయి. ఒక అట్టపెట్టె, దాని పక్కన ఒక సీసా. కింద ఒక్క మాట. "అక్కా, ఇదే షేడ్ కావాలి. ఇది దొరక్కపోతే దీనికి దగ్గరగా ఉండేది ఏదైనా చెప్పు." ఒక్కోసారి సీసా బదులు లిప్‌స్టిక్ ఉంటుంది. పంపినవాళ్లు సత్తెనపల్లిలో ఉండొచ్చు, మాచర్లలో ఉండొచ్చు, అమెరికాలో ఉండొచ్చు. నేనూ ఈ ఊళ్లో పెళ్లికూతుళ్లకు మేకప్ చేసే మనిషినే. అందుకే ఈ పూట మీతో ఈ ఒక్క సంగతే మాట్లాడదామనుకున్నాను. ఫొటో చూసి, అందులో ఉన్న ఫౌండేషన్‌కు గాని లిప్‌స్టిక్‌కు గాని సరిజోడు వెతకడం ఎలా?

ముందే ఒక మాట చెబుతాను. ఇది గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా దాని వెంటే వస్తుంది. ఆ ఫొటోలో రెండు విషయాలుంటాయి. ఒకటి రాత, రెండోది రంగు. రాతను నమ్మండి. రంగును నమ్మకండి. మళ్లీ చెబుతున్నాను. పెట్టె మీద, సీసా మీద అచ్చు వేసిన రాతను నమ్మండి. ఫొటోలో కంటికి కనిపించే రంగును మాత్రం నమ్మకండి.

రంగును ఎందుకు నమ్మకూడదు? మీ ఇంట్లో రెండు ఫోన్లుంటే ఇప్పుడే చూడొచ్చు. ఒకే ఫొటోను రెండు ఫోన్లలో తెరిచి పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో సీసా పసుపుగా ఉంటుంది, ఇంకోదాంట్లో కాస్త గులాబీగా ఉంటుంది. ఫొటో మారలేదు, తెర మారింది. ఇక ఫొటో తీసేటప్పుడు జరిగేది వేరే. వంటింట్లో పసుపు బల్బు కింద తీస్తే ఆ పసుపు సీసా మీద పడుతుంది. ఫోను ఊరుకోదు, తనంతట తానే ఆ పసుపును తగ్గించబోతుంది. ఒకసారి తక్కువ తగ్గిస్తుంది, ఒకసారి ఎక్కువ తగ్గిస్తుంది. వెనకాల ఎర్ర దుప్పటి ఉంటే ఒక రకంగా, నల్ల గ్రానైటు బండ ఉంటే ఇంకో రకంగా సర్దుతుంది. అంటే మీరు చూస్తున్నది సీసాలోని రంగు కాదు. ఫోను సర్ది చూపించిన రంగు.

సీసా కూడా మోసం చేస్తుంది. మందపాటి గాజులోంచి చూస్తే లోపలి ద్రవం ముదురుగా కనబడుతుంది. సగం వాడిన సీసా అయితే గోడలకు అంటుకున్న పలచటి పూత లేతగా కనబడుతుంది. చాలా రోజులు కదలకుండా ఉంచిన సీసాలో రంగుపొడి అడుక్కు చేరుతుంది, నూనె పైకి తేలుతుంది. పైన లేత, కింద ముదురు. ఏది అసలు రంగు? ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. వెబ్‌సైట్లలో షేడ్ పక్కన చిన్న చిన్న రంగు గళ్లు వేసి చూపిస్తారే, వాటి మీదా భారం వేయకండి. ఒక దుకాణం గడిలోని రంగుకూ ఇంకో దుకాణం గడిలోని రంగుకూ పొంతన ఉండదు. గడిని గడితో పోల్చి సీసా కొనకూడదు.

సరే, రంగును పక్కన పెడదాం. రాతలోకి వద్దాం.

పెట్టె ముందు వైపు పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు ఉంటుంది. అందరూ ఫొటో తీసి పంపేది ఆ వైపే. మనకు కావలసింది మాత్రం అక్కడ ఉండదు. పెట్టెను తిరగేయండి. అడుగున ఒక చిన్న స్టిక్కరో, అచ్చు వేసిన నాలుగు అక్షరాలో ఉంటాయి. షేడ్ నంబరు, షేడ్ పేరు. లిప్‌స్టిక్ అయితే కింద, దాన్ని నిలబెట్టే చోట గుండ్రటి స్టిక్కరు ఉంటుంది. ఫౌండేషన్ సీసాకు అడుగునో వెనకో ఉంటుంది. ఆ స్టిక్కరే మనకు చిరునామా. ఫొటో పంపినవాళ్లను మొదట అడగాల్సింది ఇదే. "అమ్మా, ముందు వైపు వద్దు. పెట్టె అడుగు, సీసా అడుగు, రెండూ దగ్గరగా తీసి పంపు." వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగి చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి, తీసింది తీసినట్టు వస్తుంది.

పెట్టె అడుగూ సీసా అడుగూ రెండూ ఎందుకంటే, పెట్టె ఒకటి సీసా ఒకటి అయ్యే సందర్భాలు చాలా ఉంటాయి. షాపులో పది సీసాలు బల్ల మీద పెట్టి చూపించాక తిరిగి పెట్టెల్లో సర్దేటప్పుడు తారుమారవుతాయి. ఇంట్లో అక్కచెల్లెళ్లు ఇద్దరు వాడినా అంతే. పెట్టె మీది షేడ్ నంబరూ సీసా మీది షేడ్ నంబరూ ఒకటేనా, ముందు అది చూడండి. ఒకటి కాకపోతే సీసా మీదిదే లెక్క.

అక్కడే ఇంకో నంబరు ఉంటుంది. బ్యాచ్ నంబరు. దాన్ని షేడ్ నంబరు అనుకుని షాపుకు వచ్చి అడిగేవాళ్లు ఎంతోమంది. బ్యాచ్ నంబరు ఆ సరుకు ఏ విడతలో తయారైందో చెబుతుంది. రంగు సంగతి చెప్పదు. షేడ్ స్టిక్కరు చిరిగిపోయి ఉంటే దిక్కు బార్‌కోడు. నల్ల గీతల కింద అంకెలుంటాయి చూడండి, మన దగ్గర 13, అమెరికా సరుకు మీద 12. ఒకే ఫౌండేషన్‌లో ఒక్కో షేడ్‌కు ఒక్కో బార్‌కోడు వేస్తారు. ఆ అంకెలు తప్పు లేకుండా కొట్టి వెతికితే చాలాసార్లు షేడ్ పేరు బయటపడుతుంది. అయితే ఒకే షేడ్‌కు మన దేశంలో ఒక బార్‌కోడు, అమెరికాలో వేరే బార్‌కోడు ఉండొచ్చు. అందువల్ల అంకెలు కలవలేదని షేడ్ వేరని అనుకోకండి.

షేడ్ నంబరు దొరికింది. ఇక అదే నంబరు ఇంకో కంపెనీలో కొనేయొచ్చా? వద్దు. ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. ఈ నంబర్లకు అన్ని కంపెనీలకూ కలిపి ఒక కొలత లేదు. ఎవరి నంబరు వాళ్లది. పేర్లూ అంతే. నేచురల్ బేజ్ అని రెండు కంపెనీలు రాస్తాయి, రెండూ రెండు రంగులు. గుంటూరు కారం అని రాసి ఉన్నా ఏ రెండు పొట్లాల ఎరుపూ ఒకటిగా ఉండదు కదా, ఇదీ అంతే. ఆఖరికి ఒకే కంపెనీలో కూడా, మాట్ రకంలో ఉన్న పేరు, మెరుపు ఉండే రకంలోనూ కనిపిస్తే రెండూ ఒకటే అనుకోవద్దు. కాబట్టి షేడ్ నంబరుతో పాటు అది ఏ రకంలోదో కూడా రాసుకోవాలి. కంపెనీ పేరు, రకం పేరు, షేడ్ నంబరు. మూడూ కావాలి. ఒకటి తగ్గినా వెతుకులాట తప్పుతుంది.

నంబరు పక్కన కొన్నిసార్లు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. డబ్ల్యూ, ఎన్, సి. డబ్ల్యూ అంటే వార్మ్. పసుపు, బంగారు జీర ఉన్న చర్మానికి. సి అంటే కూల్. గులాబీ జీర ఉన్న చర్మానికి. ఎన్ అంటే న్యూట్రల్, రెంటికీ మధ్య. చాలా కంపెనీలు ఇలాగే రాస్తాయి. కానీ ప్రపంచమంతా అమ్ముడుపోయే మ్యాక్ కంపెనీ దీనికి తలకిందులుగా రాస్తుంది. వాళ్ల ఎన్‌సి షేడ్లు పసుపు, బంగారు జీర ఉన్నవాళ్లకు. వాళ్ల ఎన్‌డబ్ల్యూ షేడ్లు గులాబీ జీర ఉన్నవాళ్లకు. పెట్టె మీద ఎన్‌సి చూసి, ఓహో ఇది కూల్ అన్నమాట అనుకుని ఇంకో కంపెనీలో సి అక్షరం ఉన్న సీసా కొంటే, ముఖం మీద పిండి పూసినట్టు తేలిపోతుంది. దీన్ని ఇంకోసారి చెబుతాను. మ్యాక్ పెట్టె మీద ఎన్‌సి ఉంటే, వేరే కంపెనీలో మీరు వెతకాల్సింది డబ్ల్యూ వైపు. ఎన్‌డబ్ల్యూ ఉంటే, సి వైపు.

ఇప్పుడు ఒక సందర్భం మొదటి నుంచి చివరి దాకా చెబుతాను.

సత్తెనపల్లి వైపు నుంచి ఒక పెళ్లికూతురు వచ్చింది. వాళ్లక్క డాలస్‌లో ఉంటుంది. అక్క కిందటిసారి వచ్చినప్పుడు తెచ్చిన ఫౌండేషన్ ఈ అమ్మాయి వాడింది, చక్కగా అమరింది. అది అయిపోయింది, సీసా పారేశారు. మిగిలింది అక్క పంపిన పాత ఫొటో. నల్ల మూత సీసా, పక్కన నల్ల పెట్టె, వెనకాల గ్రానైటు బండ, పైన పసుపు బల్బు. ఆ ఫొటోలో ద్రవం ఇటుక రంగులో ఉంది. పక్కనున్న వాళ్లమ్మ ఫోనులో చూస్తే గోధుమ రంగులో ఉంది. "అక్కా, ఇదే కావాలి, పెళ్లికి ఇదే వేయాలి" అంటుంది అమ్మాయి. ఈ సీసా మా ఊరి షాపుల్లో దొరకదు.

ముందు డాలస్‌లోని అక్కకు ఫోను చేయించాం. ఆమె దగ్గర అదే రకం సీసా ఇంకోటి ఉంది. "అమ్మా, అడుగు వైపు తీసి పంపు" అన్నాను. వచ్చింది. మ్యాక్, స్టూడియో ఫిక్స్ ఫ్లూయిడ్, ఎన్‌సి 42. చిరునామా దొరికింది. ఎన్‌సి అంటే ఏమిటో ఇందాకే చెప్పుకున్నాం, పసుపు జీర. 42 అంటే ఆ కంపెనీ వరసలో మధ్యస్థం దాటి కాస్త ముదురు. మన చామనఛాయ వాళ్లు తరచుగా వాడే షేడ్లలో ఇదొకటి.

రెండోది అక్కను ఇంకో సాయం అడిగాను. ఈ వెతుకులాటలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఇదే, జాగ్రత్తగా వినండి. అక్కడా ఇక్కడా రెండు చోట్లా దొరికే సీసా ఒకటి తీసుకోవాలి. మేబెలిన్ ఫిట్ మీ మాట్ ప్లస్ పోర్‌లెస్ అనేది అమెరికాలో దొరుకుతుంది, మా నరసరావుపేట షాపుల్లోనూ దొరుకుతుంది. అందులో 310 సన్ బేజ్ అక్క దగ్గర ఉంది. "నీ మ్యాక్ సీసాలోది ఒక చుక్క, 310 ఒక చుక్క, తెల్ల కాగితం మీద పక్కపక్కన వేలితో రుద్దు. పగటిపూట, కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయి" అన్నాను.

దీనివల్ల ఏమవుతుంది? ఫోను రంగును ఎటు సర్దినా, ఒకే ఫొటోలో ఉన్న రెండింటినీ అటే సర్దుతుంది. తెల్ల కాగితం ఫొటోలో పసుపుగా కనబడితే, రెండు చుక్కలూ పసుపు వైపు జరిగాయని మనకు తెలుస్తుంది. కానీ రెంటి మధ్య తేడా చాలావరకు అలాగే మిగులుతుంది. మనం చూడాల్సింది రంగును కాదు, తేడాను. తెలిసిన సీసా కంటే తెలియని సీసా ముదురా, లేతా? పసుపు ఎక్కువా, ఎరుపు ఎక్కువా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వస్తే చాలు. ఆ 310 మా దగ్గరా దొరుకుతుంది కాబట్టి, దాని అసలు రంగు కళ్లతో చూస్తూ అక్కణ్నుంచి లెక్క కట్టొచ్చు.

ఫొటో వచ్చింది. అక్క మ్యాక్ చుక్క 310 కంటే కొంచెం ముదురుగా ఉంది. పసుపు మాత్రం దాదాపు అంతే. అంటే మేబెలిన్ వరసలో 310 దాటి పైకి వెళ్లాలి. షాపులో ఆ రోజు 310 తరవాత ఉన్నది 330 టాఫీ. రెండూ తెప్పించాం.

ఇక్కడ కాస్త ఆగి, సీసా లోపల ఏముంటుందో చెప్పాలి. అది తెలిస్తే తరవాత జరిగింది అర్థమవుతుంది. ఫౌండేషన్ ఏ కంపెనీదైనా, రంగు ఇచ్చేవి ముఖ్యంగా నాలుగు పొడులు. తెల్లటి టైటానియం డయాక్సైడ్, ఆ తరవాత పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు. పెట్టె వెనక పదార్థాల పట్టీలో చివర వీటి నంబర్లే ఉంటాయి. లేత షేడ్‌లో తెలుపు ఎక్కువ. ముదురు చేయాలంటే తెలుపు తగ్గించి మిగతా మూడూ పెంచుతారు. ఆ పెంచడంలో ఒక కంపెనీ ఎరుపు ఎక్కువ వేస్తుంది, ఒక కంపెనీ పసుపు ఎక్కువ వేస్తుంది. అందుకే సీసాలో రెండూ ఒకేలా ముదురుగా కనబడినా ముఖం మీద ఒకటి ఇటుక రంగు తిరుగుతుంది, ఒకటి చర్మంలో కలిసిపోతుంది. మన చర్మంలో ఉన్న పసుపుకు తగ్గ పసుపు సీసాలో లేకుండా తెలుపు ఎక్కువైతే బూడిద రాసినట్టుంటుంది. పట్టీ చూసి ఏది ఎంత వేశారో చెప్పలేం. అన్ని షేడ్లకూ కలిపి ఒకే పట్టీ అచ్చు వేసి, ఇవి ఉండవచ్చు అని రాస్తారు. కాబట్టి పట్టీతో షేడ్ పోల్చడం కుదరదు. చర్మం మీద వేసి చూడాల్సిందే.

ఎక్కడ వేసి చూడాలి? ముంజేతి మీద కాదు. మన ఎండల్లో తిరిగే చేతికీ మెడకూ పోలికే ఉండదు. రెంటచింతల ఎండ సంగతి మీకు చెప్పాలా? చెంప చివర, దవడ ఎముక మీద మొదలుపెట్టి మెడ మీదికి ఒక గీత గీయాలి. పక్కన ఇంకో గీత ఇంకో షేడ్. వేలితో కొంచెం అద్ది వదిలేయాలి. తరవాత షాపు ట్యూబ్‌లైటు కింద నుంచి బయటకు, గుమ్మం దాకా రావాలి. వెంటనే తీర్పు చెప్పకూడదు. కనీసం పదిహేను నిమిషాలు ఆగాలి. వేసిన వెంటనే ఉన్న రంగు వేరు, తడి ఆరి చర్మం మీది జిడ్డుతో కలిశాక ఉండే రంగు వేరు. చాలా ఫౌండేషన్లు ఆరాక ఒక మెట్టు ముదురవుతాయి, కొన్ని ఎర్రబారతాయి. పదిహేను నిమిషాలు ఆగండి. ఈ ఒక్క ఓపిక ఉంటే కొన్న సీసా మూలన పడదు.

మా పెళ్లికూతురికి ఏమైందంటే, 310 వేసిన వెంటనే బాగానే ఉంది. ఆరాక కూడా మెడ కంటే కొంచెం లేతగానే మిగిలింది. 330 ముదురు సరిపోయింది గాని, పావుగంటకు దవడ మీద కాస్త ఎరుపు తిరిగింది. ఒక్క సీసాలో జోడీ దొరకలేదు. ఇలా జరగడం మామూలే, కంగారు పడాల్సిన పని లేదు. రెండూ ఒకే కంపెనీ, ఒకే రకం కాబట్టి నిశ్చింతగా కలపొచ్చు. చేతి వెనక రెండు చుక్కలు 330, ఒక చుక్క 310 వేసి కలిపి దవడ మీద గీశాం. ఆరాక మెడలో కలిసిపోయింది. గీత ఎక్కడ మొదలైందో వాళ్లమ్మే చూపించలేకపోయింది. మీకు ఈ లెక్క పనికొస్తుందని చెప్పను. ఆ అమ్మాయి మెడకు అది కుదిరింది. మీరు తీసుకోవాల్సింది ఆ నంబర్లను కాదు, ఆ పద్ధతిని. ఒక సీసా లేతగా, ఒక సీసా ముదురుగా తేలితే ఒకే రకంలోవి రెండూ కలపండి. వేరు వేరు కంపెనీలవి మాత్రం కలపకండి. ఒకటి నీళ్ల ఆధారంగా, ఒకటి సిలికాన్ ఆధారంగా ఉంటే ముఖం మీద పాలు విరిగినట్టు ఉండలు కడుతుంది.

రంగు కుదిరినా ఇంకో తేడా మిగిలింది. మ్యాక్ సీసాలోది కాస్త చిక్కగా కప్పుతుంది, మచ్చలు బాగా మూస్తుంది. మేబెలిన్‌ది దానికంటే పలచన. రంగు జోడీ కుదిరినంత మాత్రాన కప్పడం కుదిరినట్టు కాదు. అందుకని రెండు పలచటి పూతలు వేయాలనీ, మొదటిది ఆరాకే రెండోది వేయాలనీ అనుకున్నాం. ఇంకోటి, పెళ్లి ఫొటోలు ఫ్లాష్‌తో తీస్తారు. ఎండ నుంచి కాపాడే టైటానియం గాని జింకు గాని ఎక్కువగా ఉన్న క్రీములు, ఫౌండేషన్లు ఫ్లాష్ పడితే ముఖాన్ని తెల్లగా చూపిస్తాయి, మెడ మాత్రం నల్లగా ఉండిపోతుంది. పెళ్లికి ముందే ఒక సాయంత్రం మేకప్ వేసుకుని ఫోను ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసుకుంటే ఆ సంగతి ముందే తేలిపోతుంది.

ఇక లిప్‌స్టిక్ సంగతి. ఫౌండేషన్ కంటే ఇది ఫొటోలో ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. అందులోనూ ఎరుపు.

పెళ్లికూతుళ్లు ఎక్కువగా అడిగేది ఎరుపే. కానీ ఎరుపులో రెండు వర్గాలున్నాయి. ఒకటి నీలం జీర ఉన్న ఎరుపు, గులాబీ వైపు ఒరిగేది. రెండోది నారింజ జీర ఉన్న ఎరుపు. ఈ రెండింటినీ ఫోను కెమెరా సరిగ్గా వేరు చేయలేదు. బాగా చిక్కటి ఎరుపు ఎదురైతే కెమెరాలో ఎరుపు పట్టే భాగం నిండిపోయి, ఇక అంతకు మించి తేడా చూపించలేదు. అప్పుడు రెండు ఎరుపులూ ఒకే ఎరుపులా కనబడతాయి. 1999లో మ్యాక్ తెచ్చిన రూబీ వూ అనే ఎరుపు చాలామంది విని ఉంటారు. అది నీలం జీర ఎరుపు, పూర్తిగా మాట్, పొడి పొడిగా ఉంటుంది. దాని ఫొటో చూసి, అలాగే కనబడుతోందని నారింజ ఎరుపు కొనేవాళ్లు చాలామంది. పెదవి మీద వేశాక పళ్లు పసుపుగా కనబడతాయి. నీలం జీర ఎరుపు వేస్తే పళ్లు తెల్లగా కనబడతాయి. తేడా అక్కడ తెలుస్తుంది, కానీ అప్పటికే డబ్బు ఇచ్చేసి ఉంటాం.

లిప్‌స్టిక్ అడుగు రంగునూ నమ్మకండి. కొన్ని లిప్‌స్టిక్‌లకు లోపలి రంగును పోలిన ప్లాస్టిక్కు అడుగున పెడతారు. అది ప్లాస్టిక్కు రంగు, మైనం రంగు కాదు. లోపలి కడ్డీ కూడా పైకి ముదురుగా కనబడి, పెదవి మీద వేరుగా పడుతుంది.

మరి ఏం చేయాలి? ఫొటో పంపేవాళ్లతో ఒక చిన్న పని చేయించండి. తెల్ల కాగితం మీద ఆ లిప్‌స్టిక్‌తో ఒక గీత గట్టిగా గీయమనండి. ఆ గీత చివరను వేలితో లాగి లాగి పలచగా చేయమనండి. చిక్కగా ఉన్న చోట అన్ని ఎరుపులూ ఒకటే. పలచబడిన అంచులో అసలు జీర బయటపడుతుంది. అంచు గులాబీగా వెళితే నీలం జీర ఎరుపు. అంచు నారింజగా వెళితే ఆ వర్గం. కెమెరా కూడా పలచటి రంగును బాగానే పట్టుకుంటుంది. షాపులో మీరు ఎంచుకున్న లిప్‌స్టిక్‌తోనూ ఇలాగే ఒక తెల్ల కాగితం మీద గీసి, లాగి, రెండు అంచులనూ పోల్చండి. మళ్లీ చెబుతున్నాను. చిక్కటి గీతను పోల్చవద్దు. లాగిన అంచును పోల్చండి.

ఆ తరవాత చూడాల్సింది మాట్ రకమా, మెరిసే రకమా అని. ఒకే ఎరుపు మాట్‌లో ముదురుగా, మెరుపు రకంలో లేతగా, తడిగా అనిపిస్తుంది. మాట్ ఫొటోకు మాట్‌లోనే జోడీ వెతకాలి. ఆఖరున మీ పెదవి సొంత రంగు. పెదవులు ముదురుగా ఉన్నవాళ్లకు లేత గులాబీ, న్యూడ్ షేడ్లు ఫొటోలోలా రానే రావు. కింద ఉన్న రంగు పైకి వస్తుంది. అలాంటప్పుడు ఫొటోలోని షేడ్‌కు జోడీ వెతకడం కంటే, ఒక మెట్టు ముదురు తీసుకుంటే పెదవికి బాగా అమరుతుంది. కుంకుమ ఎరుపు, మెరూన్ లాంటి చిక్కటివి మాత్రం ఎవరి పెదవి మీదైనా ఇంచుమించు ఒకేలా పడతాయి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఫొటోలో ఉన్నది నకిలీ సరుకైతే దానికి ఎంత జోడీ వెతికినా వృథా. పెట్టె మీద పేరులో అక్షరం తప్పు ఉందా, బ్యాచ్ నంబరు లేదా, పెట్టె మీద ఒక బ్యాచ్ సీసా మీద ఒక బ్యాచ్ ఉందా, చూడండి. విదేశీ సరుకును మన దేశంలో చట్టప్రకారం అమ్మాలంటే దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు పెట్టె మీద ఉండాలి. అవేవీ లేకుండా, పెద్ద కంపెనీ పేరుతో, నమ్మలేనంత తక్కువ ధరకు వస్తే ఆ సీసాలోని రంగు ఏ షేడ్ కార్డులోనూ ఉండదు. దాన్ని పెదవికి, ముఖానికి తగలనివ్వకండి. కొత్త సరుకు ఏదైనా సరే, మొదట చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు ఆగండి. దురద, మంట లేకపోతే ముఖం దాకా తేవచ్చు.

కొన్ని ఫొటోలకు జోడీ చెప్పలేం. ఫిల్టర్ వేసిన సెల్ఫీ పంపి, ఈ అమ్మాయి వేసుకున్నది ఏ షేడో చెప్పమంటారు. రంగు కనబడని ప్లాస్టిక్ ట్యూబు ముందు వైపు మాత్రమే పంపి అడుగుతారు. అక్కడ రాతా లేదు, రంగూ లేదు. అప్పుడు ఫొటో పక్కన పెట్టి, ఆ అమ్మాయినే షాపు గుమ్మంలో వెలుతురులోకి రమ్మని, దవడ మీద మూడు గీతలు గీయడమే దారి.

మా ఊళ్లో మల్లమ్మ సెంటర్‌కు వెళ్లినా, మీ ఊళ్లో ఏ ఫ్యాన్సీ షాపుకు వెళ్లినా, కౌంటరు దగ్గర ఫోను చూపించి "ఇలాంటిది ఇవ్వండి" అనకండి. "ఈ కంపెనీ, ఈ రకం, ఈ నంబరు. పసుపు జీర, ఆరాక మాట్. దీనికి ఒక మెట్టు లేతది, ఒక మెట్టు ముదురుది, రెండూ చూపించండి" అనండి. షాపువాళ్లకు అలా అడిగితే పని తేలికవుతుంది. వాళ్లు రెండు సీసాలు తీసి ముందు పెడతారు.

ఇంకొక్క పని మీ చేతుల్లోనే ఉంది. మీకు బాగా అమరిన షేడ్ దొరికినరోజే, పెట్టె పారేయకముందే, అడుగున షేడ్ నంబరూ బార్‌కోడూ ఉన్న ఆ అట్టముక్క కత్తిరించండి. కొన్న నెల, సంవత్సరం దాని వెనక రాయండి. కంపెనీలు ఒక్కోసారి పేరు మార్చకుండానే లోపలి కలయిక మార్చేస్తాయి, అందుకే తేదీ కావాలి. సీసాలోది ఒక చుక్క తెల్ల కాగితం మీద రుద్ది, ఆరనిచ్చి, ఆ అట్టముక్కను పక్కన అంటించి చీకటిగా ఉండే డ్రాయరులో పెట్టుకోండి. ఆ చుక్క ఏళ్ల తరబడి అదే రంగులో ఉండదు గాని, సీసా అయిపోయి మళ్లీ కొనే దాకా నిలుస్తుంది. మళ్లీ కొనబోయేటప్పుడు ఫొటో కాదు, ఆ కాగితమే షాపుకు తీసుకెళ్లండి.